సూదిపోటు తర్వాతి గంటలు: మూడు వైరస్‌లు, మూడు గడువులు

విధి నిర్వహణలో సోకిన వ్యాధులతో కన్నుమూసిన ఆరోగ్య సిబ్బంది స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం చర్చకు ఎంచుకున్నది కంటికి సరిగా ఆనని ఒక గాయం. రోగి రక్తం అంటిన ఇంజెక్షన్ సూది గాని, కుట్లు వేసే సూది గాని, లాన్సెట్ గాని, సర్జికల్ బ్లేడు గాని పొరపాటున ఆరోగ్య కార్యకర్త చర్మంలోకి దిగడాన్ని సూదిపోటు గాయం అంటారు. వార్డుల్లో మాత్రం దీనికి ‘నీడిల్ ప్రిక్’ అన్న పేరే వాడుకలో ఉంది. కుట్టు అవసరం లేకుండా రెండు మూడు రోజుల్లో మానిపోయే ఈ గాయాన్ని వైద్యశాస్త్రం ఇంతగా పట్టించుకోవడానికి కారణం, సూది బోలులో మిగిలిన రక్తంతోపాటు రోగి ఒంట్లోని వైరస్ కూడా మరొకరి ఒంట్లోకి చేరే అవకాశం ఉండడమే. ఈ దారిలో సంక్రమించగల సూక్ష్మజీవులు ఇరవైకి పైగా ఉన్నా, ఆచరణలో నిర్ణయాలన్నీ హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. అనే మూడింటి చుట్టూనే తిరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నివేదిక అంచనా ప్రకారం ప్రపంచంలోని మూడున్నర కోట్ల మంది ఆరోగ్య సిబ్బందిలో ఏటా సుమారు 30 లక్షల మంది ఇటువంటి గాయాల ద్వారా రోగుల రక్తంలోని వైరస్‌ల బారిన పడే పరిస్థితిని ఎదుర్కొంటున్నారు.

సిబ్బంది మనసులో ఈ మూడు వైరస్‌లపై ఉన్న భయం ఒక వరుసలో ఉంటే, అవి సోకే అవకాశం దాదాపు తలకిందులైన వరుసలో ఉంటుంది. 1984లో ఇంగ్లండులో ఒక నర్సుకు సూదిపోటు ద్వారా, అప్పటికి హెచ్.ఐ.వి. అన్న పేరు కూడా రాని ఆ వైరస్ సోకిన ఉదంతం లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఆ తర్వాత సూది గుచ్చుకోగానే ముందుగా గుర్తుకు వచ్చేది అదే అయింది. హెచ్.ఐ.వి. ఉన్న రోగి రక్తంతో సూదిపోటు తగిలినప్పుడు, ఏ మందూ వాడకపోయినా, సంక్రమణ జరిగేది సుమారు 0.3 శాతం సందర్భాల్లో, అంటే దాదాపు 300 గాయాలకు ఒకటి. హెపటైటిస్ సి విషయంలో చాలాకాలం చెలామణిలో ఉన్న అంకె 1.8 శాతం కాగా, ఇటీవలి పెద్ద పరిశీలనల్లో అది 0.2 శాతానికి తగ్గింది. హెపటైటిస్ బి సంగతి వేరు: టీకా లేని వ్యక్తికి, రక్తంలో వైరస్ ఉద్ధృతంగా ఉన్న రోగి నుంచి సూదిపోటు తగిలితే 37 నుంచి 62 శాతం సందర్భాల్లో సంక్రమణ జరిగినట్టు రక్తపరీక్షలు చూపాయి, 22 నుంచి 31 శాతం మందిలో వ్యాధి లక్షణాలతో కూడిన కాలేయవాపు బయటపడింది. ఇక్కడ ‘ఉద్ధృతంగా’ అన్నది హెచ్‌బి ఇ యాంటిజెన్ అనే ప్రొటీన్ రక్తంలో కనబడే స్థితిని ఉద్దేశించిన మాట. కాలేయంలో వైరస్ చురుకుగా సంతతి పెంచుకుంటున్నదనడానికి అది గుర్తు. ఆ గుర్తు లేని రోగి నుంచి కూడా రక్తపరీక్షలో తెలిసే సంక్రమణ 23 నుంచి 37 శాతం దాకా ఉంటుంది.

ఇంత తేడాకు మూలం పరిమాణంలో ఉంది. సాధారణంగా వాడే 22 గేజ్ సూది గుచ్చుకున్నప్పుడు లోపలికి చేరే రక్తం ఒక మైక్రోలీటరు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు, ఉంటుందని అంచనా. హెపటైటిస్ బి ఉద్ధృతంగా ఉన్న రోగి రక్తంలో మిల్లీలీటరుకు పది కోట్ల నుంచి వంద కోట్ల దాకా వైరస్ కణాలు ఉండవచ్చు కనుక, ఆ వెయ్యో వంతులోనే లక్షల కణాలు ఇమిడి ఉంటాయి. చికిత్స పొందుతున్న హెచ్.ఐ.వి. రోగి రక్తంలో ఆ సంఖ్య పరీక్షకు అందనంత తక్కువగా ఉండవచ్చు. పైగా హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట బల్లల మీద, పరికరాల మీద ఎండిపోయిన రక్తంలో సైతం కనీసం ఏడు రోజులు సజీవంగా ఉండగలదు. సూదిలో రకం కూడా లెక్కలోకి వస్తుంది: రక్తం తీసే బోలు సూది తన గొట్టంలో రక్తాన్ని మోసుకువస్తుంది గాని, లోపల బోలు లేని కుట్టుసూది ఉపరితలానికి అంటిన రక్తాన్ని మాత్రమే తెస్తుంది, అందులోనూ కొంత భాగాన్ని చేతి తొడుగు దారిలోనే తుడిచేస్తుంది. ఒక జత తొడుగులు సూదిని ఆపలేవన్నది నిజమే అయినా, అవి వృథా అనుకోవడం ఈ కారణంగానే పొరపాటు.

హెచ్.ఐ.వి.కి చెప్పిన 0.3 శాతం అనేది సగటు అంకె. సగటు చాటున గాయానికీ గాయానికీ ఉన్న తేడా మరుగున పడుతుంది. ఫ్రాన్స్, ఇటలీ, బ్రిటన్, అమెరికా దేశాల్లో సూదిపోటు వల్ల హెచ్.ఐ.వి. సోకిన 33 మంది ఆరోగ్య సిబ్బందిని, అటువంటి గాయమే అయినా సోకని 665 మందితో పోల్చి 1997లో ప్రచురించిన అధ్యయనం ఈ తేడాను తేటతెల్లం చేసింది. గాయం లోతుగా దిగినప్పుడు ముప్పు 15 రెట్లు, పరికరం మీద రక్తం కంటికి కనబడుతున్నప్పుడు 6 రెట్లు, ఆ సూది అంతకుముందే రోగి సిరలోనో ధమనిలోనో ఉండి ఉంటే 4 రెట్లు, రోగి ఎయిడ్స్ చివరిదశలో ఉంటే సుమారు 6 రెట్లు పెరిగింది. గాయపడిన వెంటనే జిడోవుడిన్ అనే మందు వాడినవారిలో ముప్పు 81 శాతం తగ్గినట్టు కూడా అదే అధ్యయనం తేల్చింది. ఇది సోకినవారినీ సోకనివారినీ వెనక్కి తిరిగి చూసి పోల్చిన పద్ధతే తప్ప, కొందరికి మందు ఇచ్చి మరికొందరికి ఇవ్వకుండా చేసిన ప్రయోగం కాదు. అటువంటి ప్రయోగం నైతికంగా ఎవరూ తలపెట్టలేనిది కాబట్టి, ఈ రంగంలో మనుషుల నుంచి లభించిన ప్రధాన ఆధారం ఇదే.

గాయం తర్వాత ఏం చేయాలన్నది ఒక ఉదాహరణ వెంట నడిస్తే స్పష్టమవుతుంది. ఇది ఊహించి కూర్చిన ఉదాహరణే అయినా, ఇందులోని ప్రతి మలుపూ ఆసుపత్రుల్లో నిత్యం ఎదురయ్యేదే. ఒక జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీకి రాత్రి రెండు గంటలకు రక్తపు వాంతులతో, కళ్లు పచ్చబడిన ఒక మధ్యవయస్కుడిని తెస్తారు. ఇరవయ్యారేళ్ల స్టాఫ్ నర్సు అతడి ముంజేతి సిరలో 18 గేజ్ కాన్యులా ఎక్కించి, లోపలి సూదిని వెనక్కి లాగి తీస్తున్న క్షణంలో రోగి చెయ్యి విదిలించడంతో, ఆ సూది తొడుగును చీల్చుకొని ఆమె ఎడమ చూపుడువేలిలోకి దిగి రక్తం వస్తుంది. బోలు సూది, సిరలో నుంచి అప్పుడే బయటికి వచ్చింది, దాని మీద రక్తం కనబడుతోంది, గాయం పైపైన గీసుకున్నది కాదు. రోగికి ఏ వైరస్ ఉన్నదో, అసలు ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు.

అప్పుడు సహజంగా జరిగే పని వేలిని గట్టిగా పిండడం, లేదా నోట్లో పెట్టుకోవడం, లేకుంటే స్పిరిట్ పోయడం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు ఈ మూడింటినీ వద్దంటాయి. పిండినందువల్ల వైరస్ బయటికి వస్తుందనడానికి ఆధారం లేదు, నలిగిన చోటికి రక్తప్రసరణ పెరిగి వాపు రేగుతుంది. నోట్లో పెట్టుకుంటే గాయం ఉన్న చోటు ఒకటి కాస్తా రెండవుతుంది. స్పిరిట్, బ్లీచింగ్ ద్రావణం, అయొడిన్ వంటివి కణజాలాన్ని దహించడం మినహా సంక్రమణను తగ్గించినట్టు రుజువు కాలేదు. బ్రిటన్‌లో ఇచ్చే సలహా దీనికి కొంత భిన్నంగా, ధారగా పారే నీటి కింద వేలిని ఉంచి రక్తం కారనివ్వమంటుంది. అయితే సబ్బుతో, పారే నీటితో కడగాలన్న దగ్గర రెండు దేశాల సలహాలూ కలుస్తాయి. కాబట్టి నర్సు చేయవలసింది తొడుగు తీసేసి, సబ్బుతో, కుళాయి నీటి కింద గాయాన్ని శుభ్రంగా కడుక్కోవడం, రుద్దకుండా ఉండడం, అంతే. రక్తం చిమ్మింది కంట్లోనైతే నీళ్లతో గాని సెలైన్‌తో గాని ధారాళంగా కడగాలి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే కడుగుతున్నంతసేపూ అవి కంటికి రక్షణగా ఉంటాయి కనుక, కడిగాకే తీసి వాటిని శుభ్రం చేయాలి. నోట్లో పడితే ఉమ్మేసి, పలుమార్లు పుక్కిలించాలి.

కడుక్కున్న తర్వాత ఆమె డ్యూటీ కొనసాగించకూడదు. ‘తెల్లవారాక చూసుకుందాం’ అన్న ఒక్క నిర్ణయం వల్లనే ఈ గాయాల్లో అధిక భాగం నష్టం జరుగుతుంది, ఎందుకంటే హెచ్.ఐ.వి. నివారణ మందుకు ఉన్న గడువు గంటల్లో లెక్కించేది. చర్మంలోకి చేరిన వైరస్‌ను అక్కడి రోగనిరోధక కణాలు పట్టుకొని, ఒకటి రెండు రోజుల్లో సమీపంలోని లింఫ్ గ్రంథులకు మోసుకుపోతాయి, అక్కడ అది తన సంతతిని పెంచుకొని ఆ తర్వాత కొద్ది రోజుల్లో రక్తమంతటా వ్యాపిస్తుంది. ఈ మధ్యలో ఉన్న సందులోనే మందు పనిచేయాలి. హెచ్.ఐ.వి.కి దగ్గరి బంధువైన కోతుల వైరస్‌ను మకాక్ కోతుల సిరల్లోకి ఎక్కించి, టెనోఫొవిర్ అనే మందును వేర్వేరు వేళల్లో మొదలుపెట్టి చూసిన ప్రయోగం 1998లో ప్రచురితమైంది. 24 గంటలకు మొదలుపెట్టి 28 రోజులు ఇచ్చిన కోతులన్నీ తప్పించుకున్నాయి, మొదలుపెట్టడం 48 గంటలకో 72 గంటలకో జరిగితే సగమే తప్పించుకున్నాయి. 24 గంటలకే మొదలుపెట్టినా పది రోజులకు ఆపినప్పుడు సగానికి సోకింది, మూడు రోజులకే ఆపితే ఒక్కటీ తప్పించుకోలేదు. నేడు వాడుకలో ఉన్న 72 గంటల పైగడువుకూ 28 రోజుల కోర్సుకూ ఉన్న ఆధారాల్లో ఇది ముఖ్యమైనది. అందుకే మన దేశపు మార్గదర్శకాలు తొలి మోతాదును వీలైతే రెండు గంటల లోపు వేయమంటాయి, 72 గంటలు దాటాక మొదలుపెట్టమని చెప్పవు.

నర్సు రెండున్నరకల్లా డ్యూటీ డాక్టరు దగ్గరికి చేరితే, అతడు చేయవలసింది గాయం తీరును, రోగి స్థితిని క్లుప్తంగా రాసుకొని, రోగి రక్తపరీక్ష కోసం ఎదురుచూడకుండా తొలి మాత్ర ఇవ్వడం. ఈ మాత్రలో టెనోఫొవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300 మిల్లీగ్రాములు, డోలుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాములు కలిసి ఉంటాయి, రోజుకు ఒకటి చొప్పున వేసుకోవాలి, ఏ.ఆర్.టి. కేంద్రాల్లో దీన్ని ‘టి.ఎల్.డి.’ అని పిలుస్తారు, సూదిపోటు తర్వాత ఇలా వాడడాన్ని ‘పెప్’ అంటారు. క్యాజువాలిటీలో ఈ మాత్రల చిన్న నిల్వ రాత్రిళ్లు కూడా అందుబాటులో ఉండడం ఇక్కడ కీలకం. ఏ.ఆర్.టి. కేంద్రం పగటిపూటే తెరుస్తారు గనుక, తాళం చెవి ఎవరి దగ్గర ఉందో తెలియని బీరువాలో నిల్వ ఉన్నా లేనట్టే. ఒక్క మాత్ర వేసుకొని తర్వాత అవసరం లేదని తేలితే నష్టం ఏమీ లేదు, వేసుకోకుండా ఆగి తర్వాత అవసరమని తేలితే పోయిన గంటలు తిరిగి రావు.

మాత్ర ఇచ్చాక రెండు వైపులా పరీక్షలు మొదలవుతాయి. నర్సు రక్తంలో హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి ఇప్పటికే ఉన్నాయేమో చూడడం వల్ల ఈ గాయానికి ముందరి ఆమె స్థితి దాఖలాలకు ఎక్కుతుంది, తర్వాత ఏదైనా బయటపడితే అది ఈ గాయం వల్లనే వచ్చిందని నిరూపించడానికి ఆమెకు ఉండే సాక్ష్యం అదొక్కటే. టెనోఫొవిర్ మూత్రపిండాల మీద భారం వేయగలదు కాబట్టి క్రియాటినిన్ పరీక్ష, అవసరమైతే గర్భ నిర్ధారణ పరీక్ష కూడా చేస్తారు. హెపటైటిస్ బి పరీక్షకు ఇక్కడ మరో ప్రయోజనం ఉంది, దీన్ని చాలామంది మరచిపోతారు: టెనోఫొవిర్, లామివుడిన్ రెండూ హెపటైటిస్ బి మీద కూడా పనిచేసే మందులే కనుక, ఆ వైరస్ అప్పటికే ఉన్న వ్యక్తికి 28 రోజులు ఇచ్చి హఠాత్తుగా ఆపితే కాలేయవాపు ఒక్కసారిగా రాజుకోవచ్చు.

రోగి పరీక్షకు అతడి సమ్మతి కావాలి. 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం సమాచారం తెలిపి, రోగి సమ్మతి గాని అతడి ప్రతినిధి సమ్మతి గాని పొందకుండా హెచ్.ఐ.వి. పరీక్ష చేయకూడదు. అదే చట్టం, సిబ్బందికి రక్తం సోకే ప్రమాదం ఉన్న వైద్య సంస్థలు సార్వత్రిక జాగ్రత్తల సామగ్రినీ శిక్షణనూ, గాయపడినప్పుడు నివారణ మందునూ సమకూర్చాలని కూడా శాసిస్తుంది. నర్సు భయం ఎంత న్యాయమైనదైనా, వాంతులతో సొమ్మసిల్లిన రోగి రక్తాన్ని వేరే పరీక్షల పేరుతో తీసి గుట్టుగా చూడడం చట్టవిరుద్ధమే గాక అనవసరం కూడా. జరిగినదేమిటో చెప్పి అడిగితే రోగులు, వారి బంధువులు సాధారణంగా కాదనరు. గాయపడిన నర్సే వెళ్లి అడగకుండా, వేరొకరు అడగడం ఇద్దరికీ మేలు.

ఈ ఉదాహరణలో ఉదయం తొమ్మిదికి ఫలితాలు వచ్చాయనుకుంటే, రోగికి హెచ్.ఐ.వి. పరీక్షలో ప్రతిస్పందన లేదు, హెపటైటిస్ సి పరీక్షలోనూ లేదు, హెపటైటిస్ బి ఉపరితల యాంటిజెన్ మాత్రం కనబడింది. రాత్రంతా ఆమెను కుదిపిన భయం ఒకవైపు, ఎదురైన ముప్పు మరోవైపు. రోగికి కొత్తగా హెచ్.ఐ.వి. సోకి ఇంకా పరీక్షకు అందని తొలి వారాల్లో, అంటే ‘విండో పీరియడ్’లో, ఉన్నాడని అనుమానించడానికి కారణమేమీ లేకపోతే పెప్ అక్కడితో ఆపేయవచ్చు. హెచ్.ఐ.వి. తేలి ఉంటే ఆ మాత్రలే 28 రోజులు కొనసాగేవి. వికారం, తలనొప్పి, నిద్ర చెడడం వంటి ఇబ్బందులతో రెండో వారంలో చాలామంది మానేస్తారు కనుక, ఆ రోజుల్లో ఒక ఫోను పలకరింపుకు విలువ ఉంది. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు డోలుటెగ్రవిర్‌ను పేగులో పట్టి ఉంచి రక్తంలోకి చేరనివ్వవు, అందువల్ల కడుపుమంటకు వాడే మందుకు కనీసం రెండు గంటల ముందు గాని, ఆరు గంటల తర్వాత గాని ఈ మాత్ర వేసుకోవాలి. హెచ్.ఐ.వి. పరీక్ష మళ్లీ ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు జరుగుతుంది. అది ముగిసేదాకా కండోమ్ వాడాలి, రక్తదానం చేయకూడదు.

ఇక హెపటైటిస్ బి విషయంలో నిర్ణయమంతా నర్సు టీకా చరిత్ర మీద ఆధారపడుతుంది. హెపటైటిస్ బి టీకా సున్నా, ఒకటి, ఆరు నెలలకు మూడు మోతాదులు. చివరి మోతాదు తర్వాత ఒకటి రెండు నెలలకు రక్తంలో రక్షక ప్రతిరక్షకాల స్థాయి మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు, అంతకు మించి ఉంటే ఆ వ్యక్తిని ‘రెస్పాండర్’ అంటారు. అలా ఒకసారి తేలినవారికి ఆ తర్వాత స్థాయి తగ్గినా, సూదిపోటు తగిలినప్పుడు హెపటైటిస్ బి విషయంలో చేయవలసింది ఏమీ లేదు. శరీరపు జ్ఞాపకం నిలిచే ఉంటుంది. ఈ నర్సు మాత్రం విద్యార్థిగా ఉన్నప్పుడు రెండు మోతాదులు వేయించుకొని మూడోది వదిలేసింది, ప్రతిరక్షకాల పరీక్ష ఎన్నడూ చేయించుకోలేదు. రెండు మోతాదులతోనే పది మిల్లీ యూనిట్లు దాటి ఉండవచ్చు కదా అన్న వాదన వినబడుతుంది గాని, పూర్తయిన మూడు మోతాదుల దాఖలా తోడుంటేనే ఆ అంకెకు భరోసా ఉంటుంది, అసంపూర్ణ టీకా తర్వాత ఒంటరి అంకెను నమ్ముకోవడానికి వీల్లేదు.

అందువల్ల ఆమెకు రెండు రకాల రక్షణ ఒకేసారి అందాలి. మొదటిది హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్, అంటే ఇతరుల ప్లాస్మా నుంచి వేరుచేసిన సిద్ధమైన ప్రతిరక్షకాలు. కిలో బరువుకు 0.06 మిల్లీలీటర్ల లెక్కన 60 కిలోల ఆమెకు 3.6 మిల్లీలీటర్లు కండరంలోకి ఇస్తారు. కొన్ని కంపెనీల మందు యూనిట్లలో లభిస్తుంది గనుక సీసా మీది సూచన చూసుకోవాలి. రెండోది మిగిలిపోయిన టీకా మోతాదు, దాన్ని వేరే చోట, భుజపు కండరంలో వేయాలి. రెండూ ఒకేచోట వేస్తే ప్రతిరక్షకాలు టీకాను అక్కడే అడ్డుకోవచ్చు. ఇమ్యునోగ్లోబులిన్‌కు గడువు 24 గంటలైతే మేలు, ఏడు రోజులు దాటితే దాని ప్రయోజనంపై నమ్మకం లేదు. హెచ్.ఐ.వి. మందుకు గంటల గడువు ఉన్నట్టే దీనికి రోజుల గడువు ఉంది. ఈ తేడా తెలిస్తే, ఖరీదైన ఈ ఇంజెక్షన్ జిల్లా ఆసుపత్రిలో లేదని కంగారుపడకుండా సాయంత్రానికి తెప్పించుకోవడానికి వ్యవధి ఉందని అర్థమవుతుంది. అలాగని వారం తర్వాత చూద్దామనుకోవడానికి వీల్లేదనీ అర్థమవుతుంది. ఇమ్యునోగ్లోబులిన్ ద్వారా అరువుగా వచ్చిన ప్రతిరక్షకాలు కొన్ని నెలలు రక్తంలో తిరుగుతాయి కాబట్టి, టీకా పనిచేసిందో లేదో చూసే పరీక్షను ఆరు నెలల దాకా వాయిదా వేసి, అప్పుడు సంక్రమణ జరిగిందేమో తేల్చే పరీక్షతో కలిపి చేస్తారు. ఈ ఆరు నెలలూ రక్తదానం చేయకూడదన్నది తప్ప హెపటైటిస్ బి కారణంగా దాంపత్య జీవితంలో గాని, పాలిచ్చే తల్లి అయితే పాలివ్వడంలో గాని మార్పు అక్కర్లేదు.

ఒకవేళ ఆమె మూడు మోతాదులు రెండుసార్లు పూర్తిచేసినా ప్రతిరక్షకాలు పుట్టని అరుదైన వ్యక్తి అయితే, టీకా మరోసారి వేయడం దండగ, ఇమ్యునోగ్లోబులిన్‌నే నెల ఎడంతో రెండుసార్లు ఇవ్వాలి. ఆ సంగతి అర్ధరాత్రి వేళ ఎవరూ తేల్చలేరు. ఉద్యోగంలో చేరిన ఏడాదిలోనే పరీక్ష చేసి సర్వీసు రికార్డులో రాసిపెట్టినప్పుడే అది క్యాజువాలిటీలోని డాక్టరుకు పనికివస్తుంది.

తెలుగునేలకు ఈ టీకాతో ఉన్న బంధం ఇక్కడ గుర్తుచేయదగింది. మన దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా ‘శాన్‌వాక్-బి’ని 1997లో విపణిలోకి తెచ్చింది వరప్రసాదరెడ్డి హైదరాబాదులో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్. అంతకుముందు దిగుమతి టీకా ధర సామాన్య కుటుంబాలకే గాక ఆసుపత్రి సిబ్బందికి కూడా అందనిది. దేశీయ టీకా రాకతో ఆ ధర గణనీయంగా పడిపోయింది. శిశువులకు ఇచ్చే జాతీయ టీకాల కార్యక్రమంలోకి ఇది దశలవారీగా చేరి, 2011-12 నాటికి దేశమంతటికీ విస్తరించింది. అయితే ఆ విస్తరణకు ముందు పుట్టినవారే నేటి నర్సులు, టెక్నీషియన్లు, డాక్టర్లు అందరూ కనుక, పసితనంలో పడని టీకా ఉద్యోగంలో చేరేటప్పుడైనా పడిందా లేదా అన్న ప్రశ్న వారి విషయంలో సజీవంగానే ఉంది.

హెపటైటిస్ సి గడువు మూడో రకం, దానికి గాయం నాటి తొందర లేదు. దానికి టీకా లేదు, ఇమ్యునోగ్లోబులిన్ పనిచేయదు, సూదిపోటు తగలగానే ముందుజాగ్రత్తగా మందు వేయడాన్ని మార్గదర్శకాలు సిఫారసు చేయవు. రోగికి ఆ వైరస్ ఉన్నట్టు తేలితే, గాయపడిన వ్యక్తికి మొదటి రోజు ప్రతిరక్షకాల పరీక్ష, మూడు నుంచి ఆరు వారాల మధ్య వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే ఆర్.ఎన్.ఎ. పరీక్ష, నాలుగు నుంచి ఆరు నెలలకు మళ్లీ ప్రతిరక్షకాల పరీక్ష జరుపుతారు. ప్రతిరక్షకాలు పుట్టడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది కనుక, రెండో పరీక్షను ఆర్.ఎన్.ఎ. కోసం కాకుండా ప్రతిరక్షకాల కోసమే చేసి ‘ఏమీ లేద’ని ఊరుకోవడం ఇక్కడ తరచు జరిగే లోపం. వైరస్ బయటపడితే సోఫోస్‌బువిర్, డక్లాటస్విర్ వంటి మాత్రలు 12 వారాలు వాడినవారిలో 95 శాతానికి పైగా పూర్తిగా నయమవుతున్నారు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. నివారణ లేకున్నా నయం చేసే మందు ఉండడం వల్ల, ఒకనాడు మూడింటిలో అత్యంత నిరాశాజనకంగా ఉన్న వైరస్ ఇప్పుడు ఓపికగా కనిపెట్టుకొని ఉండదగినదిగా మారింది.

ఈ క్రమమంతా ఆ నర్సు విషయంలో సాగడానికి ఆమె నోరు తెరిచి చెప్పడమే ఆధారం. గాయం నమోదు కాకపోవడానికి ‘జాగ్రత్తగా ఉండవద్దా’ అన్న మందలింపు భయం, డ్యూటీ మధ్యలో వదిలి వెళ్లలేకపోవడం, హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకుందన్న మాట పాకుతుందన్న సంకోచం కారణాలు. జరిగిన చోటును, వేళను, పరికరాన్ని, చేస్తున్న పనిని రాసే రిజిస్టరు నింపడం క్రమశిక్షణ చర్యకు దారితీసే ఆసుపత్రిలో ఆ రిజిస్టరు ఖాళీగానే ఉంటుంది. ఖాళీ రిజిస్టరును భద్రతకు నిదర్శనంగా చూపే యాజమాన్యాలూ లేకపోలేదు. నిజానికి ఆ వివరాలే ఏ పనిలో గాయాలు ఎక్కువో చెబుతాయి: వాడిన సూదికి మళ్లీ మూత పెట్టడంలోనా, కాన్యులా సూదిని చేత పట్టుకొని డబ్బా దాకా నడవడంలోనా, నిండిపోయిన డబ్బాలోకి తోయడంలోనా అన్నది తెలిస్తే, దానికి తగ్గట్టు డబ్బాను మంచం పక్కకు తేవచ్చు, లేదా సిరలో నుంచి తీయగానే మొన తనంతట కప్పుకుపోయే కాన్యులాను కొనవచ్చు. అమెరికాలో 2000 నవంబరులో చట్టమైన సూదిపోటు భద్రతా శాసనం ఇటువంటి పరికరాలను యాజమాన్యాలు పరిశీలించి సమకూర్చాలని, ఆ ఎంపికలో వాటిని వాడే సిబ్బంది అభిప్రాయం తీసుకోవాలని, గాయాల రిజిస్టరు పెట్టాలని నిర్బంధం చేసింది.

పై క్రమం దాదాపు వర్తించని మనిషి ఒకరున్నారు: వార్డుల్లోంచి సంచులు మోసుకెళ్లే పారిశుధ్య కార్మికురాలు. ఆమె అరచేతిలో దిగిన సూది పసుపు సంచిలో పడి ఉన్నది, దాన్ని వాడింది ఎవరికో, ఎప్పుడో తెలియదు, అడగడానికి రోగి లేడు. ఆ సూదిని ప్రయోగశాలకు పంపి వైరస్‌లు వెతకడం నమ్మదగిన ఫలితమివ్వదు గనుక అది చేయరు. జీవవైద్య వ్యర్థాల 2016 నియమావళి ప్రకారం పదునైన లోహపు వస్తువులన్నీ సూది దూరని తెల్లటి అర్ధపారదర్శక డబ్బాలోకే వెళ్లాలి, వ్యర్థాలను తాకే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు సంస్థే వేయించాలి. కాంట్రాక్టు మీద పనిచేసేవారు ఆ సంస్థ లెక్కల్లో తరచు కనబడరు. ఆమె విషయంలో సబ్బుతో కడగడం, అదే గంటలో డాక్టరుకు చూపడం మారవు. హెచ్.ఐ.వి. మందు ఇవ్వాలా వద్దా అన్నది ఆ సంచి ఏ వార్డుదో, సూదిలో తాజా రక్తం ఉన్నదో లేదో చూసి నిర్ణయిస్తారు. హెపటైటిస్ బి విషయంలో మాత్రం ఎండిన రక్తంలో వారం రోజులు బతికే వైరస్‌ను లెక్కలోకి తీసుకొని, టీకా దాఖలా లేని ఆమెను వైరస్ ఉన్న రోగి సూదే గుచ్చుకున్నట్టుగా చూసి, ఇమ్యునోగ్లోబులిన్‌తోపాటు టీకా తొలి మోతాదు ఆ రోజే వేసి, మిగతా రెండు మోతాదుల తేదీలను కాంట్రాక్టరు పుస్తకంలో కాక ఆసుపత్రి రిజిస్టరులోనే రాయాలి.